స్టేబుల్‌కాయిన్ పెగ్ కాపలా: ఒక్క ఎక్స్ఛేంజా, నాలుగు ఎక్స్ఛేంజ్‌లా, ఏది మేలు?

స్టేబుల్‌కాయిన్ అంటే ఒక డాలర్ విలువకి కట్టేసిన క్రిప్టో నాణెం, ఆ కట్టునే పెగ్ అంటారు. అది తెగుతోందేమో తెలుసుకోడానికి చాలామంది తమ డబ్బున్న ఎక్స్ఛేంజ్‌లోనే నిమిషానికోసారి ధర చూసి, 0.99 డాలర్ కిందకి వస్తే ఫోన్‌కి మెసేజ్ కొట్టే స్క్రిప్ట్ పెట్టుకుంటారు. రెండో దారి నాలుగు చోట్ల ఐదు నిమిషాలకోసారి చూసి, మధ్య ధర, అంటే మీడియన్ తీసుకోవడం. వేగం మొదటిదానిదే, కానీ నా ఓటు రెండోదానికి.

2025 అక్టోబర్ 10 చూడండి. క్రిప్టో మార్కెట్ మొత్తం కూలుతుంటే (మనకి 11 తెల్లవారుజాము) యూఎస్‌డీఈ అనే స్టేబుల్‌కాయిన్ బైనాన్స్ ఎక్స్ఛేంజ్‌లో దాదాపు 0.65 డాలర్‌కి పడింది, కర్వ్‌లాంటి చోట్ల మాత్రం డాలర్‌కి దగ్గరలోనే నిలబడింది. ఒక్క బైనాన్స్‌నే చూసే స్క్రిప్ట్ ఉన్నవాడు నాణెం పని అయిపోయిందనుకుని అడ్డికి పావుశేరు అమ్మేస్తాడు, మీడియన్ చూసేవాడికి మాత్రం గొడవ ఆ ఒక్క ఆర్డర్ బుక్‌దేనని తెలుస్తుంది. అయితే ఒకటి, ఆ యూఎస్‌డీఈని అక్కడే మార్జిన్‌గా, అంటే అప్పు ట్రేడింగ్‌కి తాకట్టుగా పెట్టి ఉంటే మిమ్మల్ని లిక్విడేట్ చేసేది, అంటే మీ సరుకు బలవంతంగా అమ్మించేది ఆ ఎక్స్ఛేంజ్ లెక్కేసే ధరే, బయట ఎంత ఉన్నా ఒరిగేదేం లేదు. అలాంటివాళ్లకి మొదటి పద్ధతి కూడా కావాల్సిందే.

2023 మార్చి కథ వేరు. యూఎస్‌డీసీ అనే మరో స్టేబుల్‌కాయిన్ నిల్వల్లో 330 కోట్ల డాలర్లు కుప్పకూలిన సిలికాన్ వ్యాలీ బ్యాంక్‌లో ఇరుక్కున్నాయని దాన్ని జారీ చేసే సర్కిల్ చెప్పాక, 11వ తేదీ శనివారం ధర 0.88 కిందకి దిగింది. అది అన్నిచోట్లా కలిసి, గంటల తరబడి జారింది కాబట్టి ఐదు నిమిషాల ఆలస్యం వల్ల పెద్దగా పోయేదేం లేదు.

పోల్చేది ఏ జతనో మాత్రం జాగ్రత్త. యూఎస్‌డీసీని యూఎస్‌డీటీ అనే ఇంకో స్టేబుల్‌కాయిన్‌తో పోల్చే జతలో ఏది కదిలిందో తెలీదు, డాలర్ జతే తీసుకోండి. కాయిన్‌బేస్ ఎక్స్ఛేంజ్ యూఎస్‌డీసీని డాలర్‌కి ఒకటికి ఒకటిగా మార్చేది, ఆ వారాంతం ఆ మార్పిడినే ఆపేసింది. అలాంటి రేటు ఎప్పుడూ 1 అనే చెబుతుంది కాబట్టి లెక్కలోకి తేవద్దు.

షెడ్యూల్‌కి క్రాన్‌టాబ్‌లో ఈ ఒక్క లైన్ చాలు:

```
*/5 * * * * /usr/bin/python3 /home/me/peg.py
```

స్క్రిప్ట్‌లో చివరి ట్రేడ్ ధర కాకుండా, ఓ పదివేల డాలర్ల సరుకు ఇప్పుడే అమ్మితే సగటున ఎంతొస్తుందో కొనేవాళ్ల ఆర్డర్లను బట్టి లెక్కేయించండి, ఎందుకంటే చివరి ట్రేడ్ పాతదైనా అయ్యుండొచ్చు, చిల్లరదైనా అయ్యుండొచ్చు. మీడియన్ వరసగా రెండుసార్లు 0.995 కింద ఉంటే ఫోన్ మోగాలి. మీడియన్ బాగానే ఉండి ఒక్కచోటే ఒక సెంటుకి మించి తేడా వస్తే మామూలు మెసేజ్ చాలు.

గాభరా రోజున ఏపీఐలు జవాబివ్వకుండా చేతులెత్తేస్తాయి. అప్పుడు స్క్రిప్ట్ పాత ధరనే పట్టుకుని అంతా బాగుందని ఊరుకోకూడదు, నాలుగింట్లో పలికినవి మూడుకన్నా తక్కువైతే ‘ధర తెలియడం లేదు’ అని మెసేజ్ పంపాలి.