వంట, లెక్కలు రెండూ వస్తే: సొంత కర్రీ పాయింటా, కర్రీ పాయింట్లకు లెక్కలా?

సొంత కర్రీ పాయింట్ పెడితే అడ్వాన్సు, అద్దె, గ్యాసు, మనుషులు అన్నీ మీ నెత్తినే. రాత్రి మిగిలిన కూర నష్టమూ మీదే. లెక్కలు రావడం అక్కడ మేలే గానీ, పక్క వీధి షాపుతో పోటీ మాత్రం రుచిలోనే.

రెండో దారికి, అంటే కర్రీ పాయింట్లకు లెక్కలు చూడటానికి, గ్రాముల త్రాసు, ఎక్సెల్ షీటు చాలు. వంట తెలియని అకౌంటెంటు కిలో చికెన్ 240 రూపాయలైతే ప్యాకెట్‌లో వేసే 150 గ్రాముల ఉడికిన ముక్కలకు 36 అని రాస్తాడు. కానీ ఉడికాక కిలోకి మిగిలేది సుమారు 720 గ్రాములే. అంటే ప్యాకెట్‌కి ముక్కల ఖర్చే 50 రూపాయలు. రోజుకు 60 ప్యాకెట్లు అమ్మితే 840 రూపాయల తేడా. లాభమని యజమాని అనుకునేది చాలాసార్లు ఇదే.

వారానికోసారి వెళ్లి మొదటి నిల్వకు కొన్న సరుకు కలిపి, చివరి నిల్వ తీసేయండి. వచ్చేది నిజంగా వాడింది. దాన్ని అమ్మిన ప్యాకెట్లకు పట్టాల్సిన సరుకుతో పోల్చండి. నూనె ఒక్కటే ఎక్కువైతే పోపు దగ్గర చూడండి. ముక్కలే తగ్గుతుంటే వడ్డించే గరిటె మార్చారేమో చూడండి. దొంగతనం అనుమానం ఆ తర్వాతే.

ఈ పని చెడేది చీటీ లేని నగదు కొనుగోళ్ల వల్ల. రైతు బజారు ఖర్చు ఏ రోజుది ఆ రోజే రాయనంటే ఆ షాపు ఒప్పుకోకండి. ఆడిట్ సంతకం మీరు చేయలేరు, అది సీఏ పని.

చేతిలో పెట్టుబడి లేకపోతే రెండోదే నయం. నాలుగు వంటిళ్ల లెక్కలు చూశాక మొదటిది పెట్టినా ఆలస్యమేం కాదు.