జాగ్రత్త: “సగటున లక్ష వ్యూస్” అని చెప్పే ఛానెల్‌లో స్పాన్సర్ స్లాట్ కొనేముందు ఇది చదవండి

యూట్యూబ్ ఛానెళ్లలో ప్రకటన స్లాట్లు కొనేవాళ్ల కోసం రాస్తున్నాను. ఈ మధ్య మేం ఒక ఛానెల్‌లో ఒక వీడియోకి స్పాన్సర్ చేశాం. వాళ్లు పంపిన మీడియా కిట్‌లో మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో “సగటు వ్యూస్: 1,00,000” అని ఉంది. రేటు కూడా దాని మీదే కట్టారు. వీడియో వచ్చి 30 రోజులైంది, వ్యూస్ 13,000 దగ్గర ఆగాయి. అంటే వెయ్యి వ్యూస్‌కి మాకు పడిన ఖర్చు, అనుకున్నదానికి ఏడు రెట్లకు పైనే. ఛానెల్ పేరు ఇక్కడ రాయను. ఈ లెక్క చాలా కిట్లలో కనిపిస్తుంది, పేరు కంటే అదెలా చేస్తారో తెలియడం ముఖ్యం.

డబ్బు వెనక్కి అడిగితే వాళ్ల జవాబు: “లెక్కలో తప్పేముందండీ, మీరే కూడి చూసుకోండి.” కూడి చూశాం. నిజంగానే తప్పు లేదు, చిక్కంతా అక్కడే ఉంది. స్లాట్‌కి ముందు వచ్చిన 15 వీడియోల వ్యూస్ వేలల్లో, చిన్నదాని నుంచి పెద్దదానికి, ఇవి:

8, 9, 10, 11, 11, 12, 13, 14, 15, 16, 18, 20, 23, 420, 900

మొత్తం 15 లక్షలు. పదిహేనుతో భాగిస్తే సరిగ్గా లక్ష. కానీ ఈ వరసలో లక్ష చుట్టుపక్కల వ్యూస్ వచ్చిన వీడియో ఒక్కటైనా ఉందా? 23 వేల తర్వాత ఏకంగా 4 లక్షల 20 వేలు. పదమూడు వీడియోలు సగటుకి చాలా కింద, రెండు చాలా పైన. ఏ వీడియోకీ రాని సంఖ్యకి మేం డబ్బు కట్టాం.

మధ్యలో ఉన్న ఎనిమిదో సంఖ్యని చూడండి: 14. మీడియన్ అంటే ఇదే, స్కూల్లో మధ్యగతం అని చదివినదే. దానికి కింద ఏడు వీడియోలు, పైన ఏడు. మాకు వచ్చిన 13 వేలు దీనికి ఎంత దగ్గరో గమనించారా? మా వీడియో ఫ్లాప్ కాలేదు, ఆ ఛానెల్‌లో మామూలుగా ఆడే వీడియోలాగే ఆడింది.

రెండూ ఇంత దూరంగా ఉండడానికి కారణం వ్యూస్ తీరే. కిందికి సున్నా దాటి పోలేవు, పైకి మాత్రం హద్దు లేదు. రికమెండేషన్లలో ఒక వీడియో అంటుకుంటే ఛానెల్‌ని ఎప్పుడూ చూడనివాళ్లకి కూడా చేరుతుంది. వాళ్లలో చాలామంది తర్వాతి వీడియోకి రారు. ఆ 9 లక్షల వీడియోకి 18 లక్షలు వచ్చాయనుకోండి, సగటు 1,60,000కి ఎగబాకుతుంది, మీడియన్ 14 వేల దగ్గర కదలదు. ఆ వీడియోని పూర్తిగా తీసేస్తే సగటు 43 వేలకి పడిపోతుంది, మీడియన్ 13,500 అవుతుంది. ఒక్క వీడియో ఉండడం, లేకపోవడం మీద సగానికి పైగా మారిపోయే సంఖ్యని నమ్మి రేటు ఒప్పుకోవడం ఎందుకు?

ఇది చూసుకోవడం పెద్ద పనేం కాదు. ఛానెల్‌లో వీడియోస్ ట్యాబ్‌కి వెళ్లి, కొత్తవి ముందు వచ్చేలా పెట్టి, వ్యూస్ షీట్‌లో ఎక్కించండి:

```
=AVERAGE(B2:B16)
=MEDIAN(B2:B16)
```

మొదటిది రెండోదానికి చాలా రెట్లు ఉంటే, ఒకటి రెండు హిట్లు మొత్తాన్ని మోస్తున్నాయని అర్థం. అయితే నెల కూడా నిండని వీడియోల్ని కలపకండి, వాటి వ్యూస్ ఇంకా పెరుగుతుంటాయి కాబట్టి మీడియన్ అన్యాయంగా తగ్గుతుంది. షార్ట్స్ వ్యూస్‌ని అసలే కలపొద్దు, వాటి లోకం వేరు. మరీ పాత వీడియోలూ వద్దు. ఛానెల్ ఇప్పుడు పెరుగుతోందో పడిపోతోందో అవి దాచేస్తాయి.

సగటు ఎందుకూ పనికిరాదని కాదు. ఏడాది పొడుగునా ప్రతి వీడియోలోనూ ప్రకటన కొంటే హిట్లు కూడా మీ వాటాకి వస్తాయి, అప్పుడు మొత్తం వ్యూస్‌కి సగటే సరైన కొలత. అప్పుడు కూడా ఆ స్థాయి హిట్ మళ్లీ వస్తుందన్న హామీ ఉండదు. ఒకటి రెండు స్లాట్లే కొనేవాళ్లు మాత్రం మీడియన్ చూడాలి. భయం ఎక్కువైతే ఇంకాస్త కిందికి, పై వరసలో నాలుగో సంఖ్య చూడండి: 11. పదిహేనింటిలో పన్నెండు వీడియోలు అంతో, అంతకంటే ఎక్కువో తెచ్చాయి.

బేరంలో “గత 15 వీడియోల మీడియన్ ఎంత?” అని రాతపూర్వకంగా అడగండి. 30 రోజుల్లో కనీసం ఇన్ని వ్యూస్ రాకపోతే ఇంకో స్లాట్ ఉచితం అన్న షరతు కూడా రాయించుకోండి. మాకు ఆ షరతు లేదు, అందుకే ఇప్పుడు “తర్వాతి స్లాట్‌లో డిస్కౌంట్ ఇస్తాం” అంటున్నారు, అదీ ఆ లక్ష సగటు మీద కట్టిన రేటులోనే.