హెచ్చరిక: సోలార్ ప్యానెళ్ళ కింద ఏ వైరు వేస్తున్నారో వంగి చూడండి

మా డాబా మీద సోలార్ పెట్టించి మూడో వర్షాకాలం ఇది. ప్యానెళ్ళు, ఇన్వర్టర్ మంచివే కొన్నాం. వైరు, దాన్ని కట్టే టైలు, బోల్టుల గురించి మాత్రం ఒక్క మాట కూడా అడగలేదు. దెబ్బ అక్కడే తగిలింది.

రాత్రి వాన పడితే పొద్దున ఇన్వర్టర్ మొదలయ్యేది కాదు. తెర మీద Isolation Fault అని వచ్చేది. మధ్యాహ్నం ఎండ కాశాక దానంతట అదే పనిచేసేది. పెట్టినవాళ్ళకు ఫోన్ చేస్తే తేమ వల్ల అలా వస్తుంది, రీసెట్ చేయండి అన్నారు. రెండు నెలలు రీసెట్ చేస్తూ గడిపాం. దయచేసి మీరు అలా చేయకండి. తడిసినప్పుడు వచ్చి, ఆరాక పోయే ఫాల్ట్ అంటే ఎక్కడో వైరు తొడుగు చిట్లి కరెంటు ఫ్రేములోకి లీకవుతోందనే అనుమానించాలి. ఆ స్థితిలో ఫ్రేమును ముట్టుకోవడం కూడా ప్రమాదమే.

చివరికి వేరే ఎలక్ట్రీషియన్‌ను పిలిచాం. ఆయన వాన వెలిసిన పొద్దున్నే వచ్చారు. మావి పది ప్యానెళ్ళు, ఒక్కోటి సుమారు 40 వోల్టులు, వరస మొత్తం 400. డీసీ స్విచ్ ఆపి, ఇన్వర్టర్ నుంచి వరసను విడదీసి, ప్లస్ నుంచి ఎర్త్‌కు కొలిస్తే 280 వచ్చింది, మైనస్ నుంచి ఎర్త్‌కు 120. రెండూ కలిపితే సరిగ్గా 400. అంటే లీకు గట్టిగా ఒక్కచోటే ఉంది. 120ని 40తో భాగిస్తే మూడు, కాబట్టి మైనస్ వైపు నుంచి మూడో ప్యానెల్‌కూ నాలుగో ప్యానెల్‌కూ మధ్య చూడాలన్నారు. వెళ్ళి చూస్తే అక్కడే ఉంది. (ఇది మనం చేసే పని కాదు. ఎండ ఉన్నంతసేపూ ఆ వైర్లలో వోల్టేజీ ఉంటుంది, స్విచ్ ఆపినా సరే.)

జరిగింది ఇదీ. వైర్లను ప్యానెళ్ళను మోసే స్టీలు చానెల్‌కు తెల్ల నైలాన్ టైలతో కట్టారు. ఎండకు అవి పెళుసుబారి ఒక్కొక్కటే తెగిపోయాయి. వైరు వేలాడి, గాలికి ఊగుతూ, చానెల్‌ను కోసినచోట మిగిలిన పదునైన అంచుకు రాసుకుంది. పైగా ఆ రెండు ప్యానెళ్ళ మధ్య పొడవు సరిపోక అతికిన ముక్క సోలార్ కేబుల్ కాదు, ఇంట్లో గోడ లోపల వేసే మామూలు పీవీసీ వైరు. ఆ పీవీసీని సాధారణంగా 70 డిగ్రీల వరకే ఉద్దేశించి చేస్తారు. ఎండలో ఉన్నకొద్దీ దాన్ని మెత్తగా ఉంచే పదార్థం పోయి, తొడుగు గట్టిపడి చిట్లుతుంది. మాది వేలితో వంచగానే పగిలింది.

సోలార్ కేబుల్‌కు రెండు పొరల తొడుగు ఉంటుంది, అది వేడికి కరగని క్రాస్‌లింక్ చేసిన రకం. లోపలి రాగి పోగుల మీద తగరం పూత ఉంటుంది. నలుపు రంగు చూసి నమ్మకండి. కేబుల్ మీద వరుసగా H1Z2Z2-K అని అచ్చయి ఉందా చూడండి, చివర ఒక అంగుళం ఒలిపించండి. పోగులు ఎర్రగా కాక వెండిలా తెల్లగా కనిపించాలి. మధ్యలో వేసే ముక్కలను కూడా ఇలాగే చూడాలి. మేం మోసపోయింది వాటి దగ్గరే. అయితే ఎంత మంచి కేబులైనా నీళ్ళలో పడి ఉండకూడదు, కనెక్టర్లయితే నీళ్ళలో అసలే పడి ఉండకూడదు. ఇప్పుడు కేబుల్‌ను పైన చానెల్‌కు, ప్లాస్టిక్ పూత ఉన్న స్టెయిన్‌లెస్ టైలతో కట్టించాం. పూత లేని స్టీలు టై అంచు కూడా వైరును కోస్తుంది. ఇన్వర్టర్‌లోకి వెళ్ళేముందు కేబుల్‌ను ఒకసారి కిందికి వంచి పైకి తిప్పారు, దాని వెంట జారే నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

బోల్టులు కూడా చూసుకోండి. మెరుస్తున్నాయని సరిపెట్టుకున్నాం. అది కొద్ది మైక్రాన్ల జింక్ పూత మాత్రమే, రెండు వానాకాలాలకే తుప్పు పట్టింది. కరిగిన జింక్‌లో ముంచి తీసిన, అంటే హాట్ డిప్ చేసిన స్టీలు మీద పూత దానికి ఎన్నో రెట్లు మందం. కానీ చానెల్‌ను డాబా మీదికి తెచ్చాక కోసినా, రంధ్రం వేసినా అక్కడ పూత పోయినట్టే. అందుకే కొలతలు ముందే తీసుకుని, కోతలు, రంధ్రాలు అన్నీ అయ్యాకే హాట్ డిప్ చేయించమనండి. తప్పనిసరై పైన కోస్తే అంచు అరగదీసి, జింక్ పెయింట్ వేయించండి. బోల్టులు 304 స్టెయిన్‌లెస్ తీసుకున్నాం, సముద్రం దగ్గరైతే 316 కావాలి.

పని అయ్యాక, వైరు తొడుగు కరెంటు లీకవకుండా ఎంత ఆపుతోందో చూపే మెగ్గర్‌తో కొలిపించి, ఆ అంకె కాగితం మీద రాయించుకోండి. మా వరసకు 500 వోల్టులతో పరీక్షించారు. కనీసం 1 మెగాఓమ్ ఉండాలి, మాకు వైర్లు మార్చాక 50 దాటింది. మళ్ళీ పెద్ద వాన పడిన మర్నాడు ఇంకోసారి కొలిపించండి. మొదటి కొలత పొడిగా ఉన్నప్పుడు తీసినదైతే, మాకొచ్చిన లాంటి ఫాల్ట్ అందులో కనిపించదు.