ఉగాదిని ఒకటో తేదీ పైన పెట్టిన క్యాలెండర్

విజయనగరంలో మా వంటింటి గోడకు కొన్నేళ్లుగా ఒకే ప్రెస్సు వాళ్ళ పెద్ద సైజు క్యాలెండరే తగిలిస్తున్నాం. పాల లెక్క, గ్యాస్ బుకింగ్, చీటీ డబ్బు, మా అత్తయ్యగారి బీపీ మాత్రలు తెచ్చిన తేదీ, అన్నీ దాని మీదే రాస్తాం. 2025 క్యాలెండర్ ఇంచుమించు పూర్తిగా వాడేశాం కాబట్టి దాని గురించే చెబుతాను.

ఎడమ పక్క ఆది నుంచి శని వరకు వారాలు పైనుంచి కిందకు ఉంటాయి, తేదీలు నిలువు వరసల్లో దిగుతాయి. అంకెలు లావుగా ఉంటాయి. పొయ్యి దగ్గర నిలబడి చూసినా తేదీ తెలుస్తుంది. తిథి, నక్షత్రం, వర్జ్యం మాత్రం దగ్గరికెళ్ళి చదువుకోవాలి. అది సబబే, వాటిని ఎవరూ దూరం నుంచి చూడరు.

చిక్కంతా ఆరో వరస కావాల్సిన నెలల్లో వచ్చింది. 2025 మార్చి శనివారంతో మొదలైంది. మొదటి నిలువు వరసలో అట్టడుగున 1 ఒక్కటే పడింది. తర్వాతి నాలుగు వరసలు 29 దాకా నిండిపోయాయి. ఇక 30, 31 ఎక్కడ పెట్టాలి? మొదటి వరసలో పైన ఖాళీగా ఉన్న ఆది, సోమ గడుల్లో పెట్టారు. ఆ 30వ తేదీనే ఉగాది, 31న రంజాన్. అంటే 29 శనివారం అమావాస్య కాగితానికి కుడివైపు అడుగున ఉంటే, మర్నాటి ఉగాది ఎడమవైపు పైన, ఒకటో తేదీ కంటే ముందు ఉంది. ఎర్రటి అక్షరాలు చూసి అత్తయ్యగారు "ఈసారి ఉగాది నెల మొదట్లోనే వచ్చేసిందే, వేపపువ్వు దొరుకుతుందో లేదో" అని టెన్షన్ పడ్డారు. ఆగస్టు 31, నవంబరు 30 కూడా ఇలాగే పైకి ఎక్కాయి.

కొన్ని క్యాలెండర్లలో 23 గడిని రెండుగా చీల్చి 23, 30 రెండూ అందులోనే ఇరికిస్తారు. దాంతో పోలిస్తే ఇదే నయం, గడి మొత్తం రాసుకోవడానికి మిగులుతుంది. కానీ ఆ నెలల వరకైనా ఆరో వరస వేస్తే ఇంకా బాగుండేది. గడి వెడల్పు కొంచెం తగ్గుతుందంతే.

పండగల గుర్తుల్లో నాకు బాగా నచ్చింది దీపావళి. అక్టోబరు 20 సోమవారం మధ్యాహ్నం 3 గంటల 45 నిమిషాల ప్రాంతంలో అమావాస్య వచ్చి, 21 సాయంత్రం దాకా ఉంది. సూర్యోదయానికి ఉన్న తిథిని బట్టి నల్ల గుండ్రం 21 గడిలో పడుతుంది. దీపావళికి చూడాల్సింది రాత్రికి అమావాస్య ఉందా అని, కాబట్టి పండగ 20 గడిలో ఉంటుంది. ఈ క్యాలెండర్‌లో 20 గడిలోనే "అమావాస్య మ. 3.45 నుంచి" అని కూడా వేశారు. ఆ ఒక్క ముక్కతో గుండ్రం ఒకచోట, పండగ ఒకచోట ఎందుకున్నాయో ఎవరినీ అడగకుండా అర్థమైంది.

మన ఊరి పండగ దగ్గర మాత్రం మనసు నొచ్చుకుంది. దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. 2025లో దసరా అక్టోబరు 2 గురువారం, సిరిమాను 7న. ఆ గడిలో దాని పేరు చిన్న నల్లటి అక్షరాల్లో, వర్జ్యం సమయానికి ఆనుకుని ఉంది. ముందురోజు జరిగే తొలేళ్ళ ఉత్సవం ఊసే లేదు. సిరిమాను రోజు గుడి దగ్గరి మూడు లాంతర్ల కూడలిలో కాలు పెట్టే చోటుండదు. సెలవు కాదని అంకె ఎర్రగా వేయకపోతే సరే, పేరైనా ఎర్రగా ఉండాల్సింది. సెలవుకు అంకె ఎరుపు, పండగకు పేరు ఎరుపు అని విడదీస్తే బ్యాంకుకు వెళ్ళేవాళ్ళకీ, గుడికి వెళ్ళేవాళ్ళకీ తికమక ఉండదు.

రాసుకునే చోటు విషయానికొస్తే, గడి వెడల్పు చాలు, ఎత్తే చాలదు. మన అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. "గ్యాస్ వచ్చింది" అని ఒక వరస రాశాక రెండో వరస రాస్తే వత్తులు వర్జ్యం మీద పడతాయి. దుర్ముహూర్తం సమయాన్ని కాగితం వెనక్కి పంపితే ఇంకో వరస సులువుగా పడుతుంది. కాగితం నిగనిగలాడే రకం కాకపోవడం పెద్ద మేలు. ఆ నున్నటి కాగితం మీద జెల్ పెన్నుతో రాస్తే చెయ్యి తగలగానే అలుక్కుపోతుంది. దీని మీద మామూలు బాల్‌పెన్ చక్కగా పడుతుంది. పాలు రాని రోజు అడ్డగీత పెడితే నెలాఖరుకీ స్పష్టంగానే ఉంటుంది. పైన రేకు పట్టీ గట్టిది కాబట్టి నెల కాగితం చింపక్కర్లేదు, వెనక్కి మడిచేస్తే పాత లెక్క ఉండిపోతుంది. పాలబ్బాయితో పోయిన నెల లెక్క తేడా వచ్చినప్పుడు అలాగే తిప్పి చూపించాను.

2026కీ ఇదే కొంటాను. కాకపోతే కొట్లో ముందుగా మే, ఆగస్టు తిప్పి చూస్తాను. మే శుక్రవారంతో, ఆగస్టు శనివారంతో మొదలవుతున్నాయి. మే 31, ఆగస్టు 30, 31 ఎక్కడ పెట్టారో అక్కడే తెలిసిపోతుంది.