జాగ్రత్త: ‘ఎప్పుడు నడిపినా ఒకే జవాబు’ అన్న ఆర్ ల్యాబ్ మాన్యువల్ కొని తలదించుకున్నాను

మన డిగ్రీ స్టాటిస్టిక్స్ అధ్యాపకుల వాట్సాప్ గ్రూపుల్లో ప్రతి సెమిస్టర్ మొదట్లో ప్రకటన పెట్టే ఆయన ఎవరో మీలో చాలామందికి తెలుసు కనుక పేరు రాయడం లేదు. ఆయన దగ్గర 1,499 రూపాయలు పెట్టి ఆర్ ల్యాబ్ మాన్యువల్‌ను, దానితో పాటు జవాబుల పట్టికను కొన్నాను. ‘ప్రతి అభ్యాసానికీ సీడ్ పెట్టాం, ఎన్నిసార్లు నడిపినా ఒకే జవాబు వస్తుంది, రికార్డులు దిద్దడానికి పది నిమిషాలు చాలు’ అన్నది ఆయన ప్రకటన. ఆ పది నిమిషాలకు ఆశపడినందుకు నిన్న 42 మంది పిల్లల ముందు నిలబడి నా తప్పు నేనే ఒప్పుకోవలసి వచ్చింది. కోపం ఇంకా చల్లారలేదు, చల్లారేలోపే రాసేస్తున్నాను.

గొడవ జరిగిన అభ్యాసం చాలా చిన్నది. పదిమంది విద్యార్థుల మార్కులు ఇచ్చి, అందులోంచి ఐదుగురిని యాదృచ్ఛికంగా ఎంచి, వారి సగటు కనుక్కోమన్నారు. తీసిన చీటీని మళ్లీ డబ్బాలో వేయకూడదు. `sample` దానంతట అది చేసే పని అదే, తిరిగి వేయాలనుకుంటేనే `replace = TRUE` అని రాయాలి.

```r
m <- c(52, 61, 47, 70, 58, 66, 43, 75, 39, 64)
set.seed(123)
s <- sample(m, 5)
mean(s)
```

జవాబుల పట్టికలో ఉన్నది 60.2. మా ల్యాబ్‌లో 39 మందికి వచ్చింది 62.6. ఇద్దరు `replace = TRUE` అని రాసినందువల్ల 47 రెండుసార్లు పడి, వారికి సగటు 57 వచ్చింది, అది వారి తప్పే. ఒక్క కుర్రవాడికి మాత్రం సరిగ్గా 60.2 వచ్చింది. నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, పట్టిక చేతిలో ఉందన్న ధీమాతో 41 మందికి ఆ ప్రశ్నకు సున్నా వేసి, ఆ కుర్రవాడిని లేపి నిలబెట్టి, ‘చూసి నేర్చుకోండి’ అన్నాను. ఒక్కసారి నా కంప్యూటర్‌లో ఆ నాలుగు వరుసలు నడిపి చూసి ఉంటే ఈ పరువు నష్టం ఉండేది కాదు. పాఠం చెప్పేది యాదృచ్ఛికత మీద, గుడ్డి నమ్మకం మాత్రం ఒక పీడీఎఫ్ మీద!

మొదట నేనూ పిల్లలనే అనుమానించాను. సాధారణంగా జరిగే పొరపాటు ఒకటుంది: `set.seed` వరుసను ఒక్కసారి నడిపి, ఆ తర్వాత `sample` వరుసను మాత్రమే రెండుసార్లు, మూడుసార్లు నడుపుతారు. సీడ్ అనేది యాదృచ్ఛిక సంఖ్యల వరుసలో ఎక్కడినుంచి మొదలుపెట్టాలో చెప్పే గుర్తు మాత్రమే కనుక, ప్రతి `sample` ఆ వరుసలో కొన్ని సంఖ్యలను వాడేసి ముందుకు జరుగుతుంది. రెండోసారి నడిపినప్పుడు వేరే ఐదుగురు వస్తారు. అయితే అదే కారణమైతే ఒక్కొక్కరికి ఒక్కో జవాబు రావాలి కదా, 39 మందికి ఒకే 62.6 ఎలా వస్తుంది? ఆర్ మూసి, మళ్లీ తెరిచి, నాలుగు వరుసలూ కలిపి నడిపించినా అదే వచ్చింది. అంటే సీడ్ చక్కగానే పనిచేస్తోంది, కాకపోతే పట్టికలో ఉన్న జవాబు దగ్గరికి మాత్రం తీసుకెళ్లడం లేదు.

అప్పుడు వెనక బెంచీలోని అమ్మాయి ఒకతె, ‘మేడమ్, మార్కులు కాకుండా వరుస సంఖ్యలే తీసి చూశాను, మొదటిది పట్టికలోనూ మనకూ 3 అనే వస్తోంది, ఆ తర్వాతే తేడా’ అంది. ఆ అమ్మాయి చేసింది `sample(1:10, 5)`. పట్టికలోని ఐదు మార్కులను బట్టి చూస్తే వారి వరుస 3, 8, 4, 7, 6. మాకు వచ్చినది 3, 10, 2, 8, 6. మొదటిదీ చివరిదీ కలవడంతో ఎవరో మధ్యలో అచ్చుతప్పు చేశారేమో అని నేను మళ్లీ ఒకసారి మోసపోయాను.

ఆ రాత్రి అమ్మకందారుకు ఫొటోలతో సహా మర్యాదగా రాశాను. ఆయన జవాబు యథాతథంగా ఇది: ‘మేడమ్, సీడ్ అంటే ఏమిటో తెలిసినవాళ్ల కోసం ఈ మాన్యువల్. ముందు మీరు ఆర్ నేర్చుకోండి, తర్వాత పిల్లలకు చెబుదురుగాని.’ పదకొండేళ్లుగా స్టాటిస్టిక్స్ చెబుతున్నదాన్ని, ఆ వాక్యం చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. ఆ వాక్యం కింద ఆయన తన కంప్యూటర్‌లో 60.2 వచ్చినట్లు సాక్ష్యంగా ఒక స్క్రీన్‌షాట్ కూడా జతచేశారు. ఆ సాక్ష్యమే ఆయనను పట్టించింది. తెర పైభాగాన ఈ వరుస ఉంది:

```
R version 3.4.4 (2018-03-15) -- "Someone to Lean On"
```

ఆర్ ప్రతి విడుదలకూ ఇలా ఒక ముద్దుపేరు ఉంటుంది. ‘ఆనుకోవడానికి ఒక మనిషి’ అన్న పేరున్న ఆ వెర్షన్‌ను ఆనుకునే ఈ పెద్దమనిషి ‘సరికొత్త ఎడిషన్’ అమ్ముతున్నారు. 60.2 వచ్చిన కుర్రవాడిని మర్నాడు అడిగితే, అది అన్నయ్య వాడి వదిలేసిన పాత ల్యాప్‌టాప్ అనీ, అందులోనూ 3.4.4 ఉందనీ చెప్పాడు.

2019 ఏప్రిల్‌లో వచ్చిన 3.6.0 వెర్షన్‌తో `sample` చీటీ ఎంచే పద్ధతి మారింది. సీడ్ 123 పెడితే పుట్టే యాదృచ్ఛిక సంఖ్యలు అప్పుడూ ఇప్పుడూ ఒకటే: 0.2875775, 0.7883051, 0.4089769, 0.8830174, 0.9404673. వాటితో చేసే లెక్కే వేరు. పాత పద్ధతిలో పది చీటీలున్నప్పుడు మొదటి సంఖ్యను పదితో హెచ్చవేస్తే 2.87 వస్తుంది, భిన్నం కొట్టేస్తే 2. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కనుక అది మూడో చీటీ. దాన్ని తీసేసి, చివరనున్న పదో చీటీని ఆ ఖాళీలోకి జరుపుతారు. తిరిగి వేయకుండా తీయడం అంటే యంత్రం లోపల జరిగేది ఇదే. ఇప్పుడు మిగిలినవి తొమ్మిది కనుక రెండో సంఖ్యను తొమ్మిదితో హెచ్చవేస్తే 7.09, అంటే ఎనిమిదో స్థానం, అక్కడున్నది 8. పట్టికలోని 3, 8 ఇలా వచ్చినవే.

కొత్త పద్ధతిలో ఆ సంఖ్యను 65,536తో హెచ్చవేసి, పూర్ణభాగాన్ని 16తో భాగించగా మిగిలిన శేషాన్ని చూస్తారు. చీటీలు పది కనుక పదికి సరిపోయే రెండు ఘాతం 16, శేషం పది లేదా ఆపైన ఉంటే ఆ సంఖ్యను పారేసి తర్వాతది తీసుకుంటారు. మొదటి సంఖ్య 18,846 అవుతుంది, శేషం 14, పారేయాలి. రెండోది 51,662, దానికీ శేషం 14, అదీ పోయింది. మూడోది 26,802, శేషం 2, కనుక మూడో చీటీ. పదో చీటీ ఆ ఖాళీలోకి జరిగాక తొమ్మిది మిగులుతాయి. నాలుగో సంఖ్యకు శేషం 13, పోయింది. ఐదోది 61,634, శేషం 2, అంటే మళ్లీ మూడో స్థానమే, కాని ఇప్పుడు అక్కడ కూర్చున్నది పదో చీటీ. అందుకే మా పిల్లలకు 3 తర్వాత 10 వచ్చింది. పాత పద్ధతికి 3 మొదటి సంఖ్యనుంచి దొరికింది, కొత్తదానికి మూడో సంఖ్యనుంచి. రెండూ కలవడం కేవలం కాకతాళీయం, దాన్ని పట్టుకుని నేను అచ్చుతప్పు వెతుక్కుంటూ ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను.

మార్పుకు కారణం సరదా కాదు. చీటీలు కోట్లలో, వందల కోట్లలో ఉన్నప్పుడు పాత హెచ్చవేత కొన్నిటిని ఎక్కువగా, కొన్నిటిని తక్కువగా ఎంచుతుందని కెల్లీ ఒట్టోబోని, ఫిలిప్ స్టార్క్ అనే గణాంక శాస్త్రవేత్తలు 2018లో చూపించారు. పదిమంది మార్కుల్లో ఆ పక్షపాతం కంటికి ఆనదు, అయినా జవాబు మాత్రం మారిపోతుంది. కనుక 60.2 తప్పూ కాదు, 62.6 తప్పూ కాదు. ఏ పద్ధతిలో వచ్చిందో చెప్పకుండా పట్టికలో ఒక్క జవాబే అచ్చువేసి, అది రానివారికి ఆర్ రాదనడం మాత్రం ముమ్మాటికీ తప్పు.

ఈ వివరమంతా రాసి, కొత్త వెర్షన్‌లో పాత జవాబు తెప్పించే వరుసలు కూడా ఆయనకు పంపాను:

```r
RNGversion("3.5.0")
set.seed(123)
mean(sample(m, 5))
RNGkind(sample.kind = "Rejection")
```

మొదటి వరుస నడపగానే `non-uniform 'Rounding' sampler used` అన్న హెచ్చరిక వస్తుంది, 60.2 కూడా వస్తుంది. చివరి వరుస మరిచిపోతే ఆ కూర్చున్నంతసేపూ పాత పద్ధతే కొనసాగి, తర్వాతి అభ్యాసాలూ తారుమారవుతాయి. దీనికి ఆయన స్పందన ఏమిటంటే, ‘ఇది ఆర్ వాళ్ల తప్పు, డిజిటల్ సరుకుకు డబ్బు వాపసు లేదు’ అని ఒక వాక్యం, ఆ వెంటనే గ్రూపులోంచి నా తొలగింపు.

కొనాలనుకునేవారు డబ్బు పంపే ముందు ఆయనను `R.version.string`, `RNGkind()` నడిపి తెర చూపించమనండి. రెండోదానిలో మూడో మాటగా `"Rejection"` కనిపించాలి. అది లేకపోయినా, 3.6.0 కంటే పాత వెర్షన్ ఉన్నా, ఆ పట్టిక మీ ల్యాబ్‌కు పనికిరాదు. ఇప్పటికే కొన్నవారు పిల్లలకు మార్కులు వేయకముందే `sample` ఉన్న అభ్యాసాలన్నీ మీ ల్యాబ్ కంప్యూటర్‌లో ఒక్కసారి నడిపి, జవాబు పక్కన వెర్షన్ రాసుకోండి.

నేను 39 రికార్డుల్లో ఎర్ర సున్నాలు కొట్టేసి మార్కులు వేశాను. `replace = TRUE` రాసిన ఇద్దరి సున్నాలు అలాగే ఉన్నాయి. ఆ కుర్రవాడి 60.2కూ పూర్తి మార్కులు ఇచ్చి, పక్కన ‘3.4.4’ అని రాయించాను.