గేమింగ్ కుర్చీయా, మెష్ కుర్చీయా? ముందు టేబుల్ ఎత్తు కొలవండి

పదమూడు, పద్నాలుగు వేలు పెట్టి గేమింగ్ కుర్చీ కొనాలా, అదే డబ్బుకు మెష్ ఆఫీసు కుర్చీ కొనాలా అని చాలామంది అడుగుతున్నారు. నేనూ ఈమధ్యే ఈ రెండింటి మధ్య తేల్చుకున్నాను. రోజూ రాత్రి మూడు నాలుగు గంటలు కీబోర్డు, మౌసుతో షూటింగ్ ఆటలు ఆడతాను కాబట్టి చాలా తిరిగి చూశాను. అందరూ కుర్చీ దగ్గర మొదలుపెడతారు. నా మటుకు నాకు టేబుల్ దగ్గర మొదలుపెట్టాలనిపించింది.

నా ఎత్తు 160 సెంటీమీటర్లు. చెప్పులు లేకుండా కూర్చుని కొలిస్తే నేల నుంచి మోకాలి వెనుక మడత దాకా 41 సెంటీమీటర్లు ఉంది. కూర్చున్న చోటు నుంచి, భుజం వదులుగా ఉంచి మడిచిన మోచేయి దాకా 23. రెండూ కలిపితే 64. అంటే నా టేబుల్ పైభాగం సుమారు 64, 66 మధ్య ఉండాలి. ఇంట్లో ఉన్న టేబుల్ 75. బజారులో దొరికే టేబుళ్లు చాలావరకు ఈ ఎత్తులోనే ఉంటాయి.

ఈ తేడాను కుర్చీ పైకి లేపి సరిచేస్తే పాదాలు నేలకు ఆనవు. సీటు అంచు తొడల కింద ఒత్తుకుని కాసేపటికి కాళ్లు తిమ్మిరెక్కుతాయి. లేపకుండా కూర్చుంటే మౌసు పట్టుకున్న భుజం గంటల తరబడి పైకెత్తి ఉంటుంది. గురి కోసం మౌసును చేయంతా కదిపి ఆడేవారికి ఇది మరీ కష్టం. మెడకూ భుజానికీ మధ్య కండరం ఒక్క పక్కనే నొప్పి పుడుతుంటే, ముంజేతి మీద టేబుల్ అంచు ఎర్రటి గీత వేస్తుంటే, కుర్చీ మార్చినా అవి పోవు.

ఇప్పుడు కుర్చీల సంగతి. నేను చూసిన గేమింగ్ కుర్చీలో సీటును ఎంత దించినా 46 దగ్గర ఆగింది. సీటు లోతు 53. నా నడుము వెనుక నుంచి మోకాలి మడత దాకా 46 మాత్రమే. సీటు అంచుకూ మోకాలి మడతకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. ఆ కుర్చీలో వీపు ఆనిస్తే అంచు పిక్కలకు తగిలింది, ముందుకు జరిగితే వీపుకు ఆనింపు పోయింది. మెష్ కుర్చీ సీటు 43కు దిగింది, లోతు 42 నుంచి 48 దాకా జరిగింది. ఎండాకాలంలో రెగ్జిన్ మీద వీపు తడిసిపోయే బాధా తప్పింది. ధరలో తేడా అయిదారు వందలే.

అలాగని గేమింగ్ కుర్చీని తీసిపారేయలేం. ఆరడుగుల మనిషికి ఆ లోతు ఇంత ఎక్కువ అనిపించదు, ఎత్తయిన వీపు తలదాకా ఆనుతుంది, 75 టేబుల్ కూడా పెద్దగా ఇబ్బంది పెట్టదు. టీవీ ముందు కంట్రోలర్ పట్టుకుని వెనక్కి వాలి ఆడేవారికి అదే హాయి. ముందుకు వంగి కీబోర్డు మీద చేతులు పెట్టేవారికి ఆ వాలుతో పని తక్కువ. ఆఫీసులు ఖాళీ చేసినప్పుడు అమ్మే పాత కుర్చీలు కూడా మంచివే, సీటు పైకి లేపి కూర్చుంటే నెమ్మదిగా దిగిపోతోందేమో మాత్రం చూసుకోండి.

మోటారు టేబుళ్ల ప్రకటనలు ఎంత ఎత్తుకు లేస్తాయో గట్టిగా చెబుతాయి. పొట్టివారు చూడాల్సింది ఎంత కిందికి దిగుతాయన్నది. ఒక్కో కాలు ఒకదానిలో ఒకటి దూరే రెండు ముక్కలుగా ఉండే, అంటే రెండు అంచెల కాళ్లవి చాలావరకు 70 దాటిన చోటే ఆగిపోతాయి. మూడు అంచెలవి సుమారు 60 దాకా దిగుతాయి కానీ ఖరీదు ఎక్కువ. కొన్నిచోట్ల రాసే ఎత్తులో పైచెక్క మందం కలపరు, దానికి ఇంకో రెండున్నర వేసుకోండి. కింద బిగించే కీబోర్డు అర చవకే గాని, మౌసుకు చోటు చాలదు, ఊగుతుంది.

నేను వడ్రంగిని పిలిచి చెక్క టేబుల్ కాళ్లు నాలుగూ 9 సెంటీమీటర్లు కోయించాను. 600 రూపాయలు తీసుకున్నాడు. కోయించే ముందు రెండు విషయాలు చూసుకున్నాను. నేను తీసుకున్న మెష్ కుర్చీ సీటు 43, తొడ మందం 15, అంటే 58. కొత్త ఎత్తు 66లో పైచెక్క పోగా కింద 63 పైచిలుకు మిగులుతుంది, తొడలు పడతాయి. అడుగున సొరుగు ఉంటే పట్టేవి కావు. రెండోది ఆర్మ్‌రెస్ట్‌లు. పూర్తిగా దించితే నేల నుంచి 62 వచ్చాయి, టేబుల్ కిందికి జారుతున్నాయి. జారకపోతే కుర్చీ దూరంగా ఆగిపోయి మళ్లీ ముందుకు వంగాల్సి వచ్చేది.

ఇనుప కాళ్ల టేబుల్ అయితే కోయడం అంత తేలిక కాదు. అప్పుడు మోచేయి టేబుల్ ఎత్తుకు వచ్చేదాకా కుర్చీని లేపి, పాదాల కింద టేబుల్ ఎత్తుకూ మీకు కావలసిన ఎత్తుకూ ఉన్న తేడా అంత ఎత్తున్న, జారని చెక్క పీట వేసుకోండి. నా కొలతలకైతే 11 సెంటీమీటర్ల పీట కావాలి.