జోకు గుచ్చుకుంటే: అక్కడే సారీనా, మాట మార్చడమా?

నిజంగా నవ్వితే చాలాసార్లు బుగ్గలు పైకి లేచి, కంటి చివర ముడతలు పడతాయి. మొహమాటపు నవ్వులో తరచుగా పెదాలే సాగుతాయి, అదీ చటుక్కున ఆరిపోతుంది.

ఉద్యోగం పోయిన స్నేహితురాలితో నలుగురిలో "నీకేంటే, రోజూ ఆదివారమే" అన్నాను. తనూ నవ్వింది. కానీ చూపు ఫోన్ మీదికి దిగింది, చేతులు కట్టుకుంది. చేతులు కట్టుకోవడం ఒక్కటే అయితే చలేసిందేమో అనుకునేదాన్ని. అన్నీ కలిసి సరిగ్గా ఆ మాట తర్వాతే వచ్చాయి.

మాట మార్చేస్తే అందరి కళ్లూ తన మీద పడవు. చిన్న ఇబ్బందికి అది చాలు. కానీ నేను గమనించలేదనే తను అనుకుంటుంది, పక్కవాళ్లు అదే జోకును సాగదీస్తారు కూడా. అక్కడే సారీ చెబితే ఆ సాగదీత ఆగుతుంది. అయితే సారీ పొడుగైతే తనే "పర్లేదులే" అంటూ నన్ను ఓదార్చాల్సి వస్తుంది. "ఊరికే అన్నాను" అని వివరించడం ఇంకా ఘోరం.

ఇలాంటి దెబ్బకు నా ఓటు పొట్టి సారీకే. "అలా అనకూడదు, సారీ" అని, వెంటనే పక్కనున్న అమ్మాయిని తన ప్రయాణం గురించి అడిగాను. కాసేపటికి స్నేహితురాలు చేతులు విప్పి, తనూ ఓ ప్రశ్న అడిగింది. మిగతాది మేమిద్దరమే ఉన్నప్పుడు మాట్లాడుకున్నాం.